కొత్త ఏసీ నేమ్ ప్లేట్‌లో 5000 వాట్లు అని ఉంది, కరెంటు మాత్రం 6.6 ఆంప్స్ అంట. ఏది నమ్మాలి?

సుధ_కొత్తిల్లు
అందరికీ నమస్కారం. మొన్ననే మొదటిసారి ఏసీ కొన్నాం. ఇన్వర్టర్ స్ప్లిట్, డబ్బా మీద 1.5 టన్ను అని ఉంది. బిగించిన వాళ్ళు వెళ్ళిపోయాక అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న స్టిక్కర్ చదివాను. చదవకపోయినా బాగుండేది, అప్పటి నుంచి టెన్షన్. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

కూలింగ్ కెపాసిటీ 5000 వాట్లు
రేటెడ్ పవర్ ఇన్‌పుట్ 1450 వాట్లు
రేటెడ్ కరెంట్ 6.6 ఆంప్స్
మాక్సిమం పవర్ ఇన్‌పుట్ 2200 వాట్లు
మాక్సిమం కరెంట్ 10 ఆంప్స్
వోల్టేజ్ 230, 50 హెర్ట్జ్
రిఫ్రిజరెంట్ ఆర్32, 0.92 కిలోలు

5000ని 230తో భాగిస్తే దాదాపు 22 ఆంప్స్ వస్తోంది. మా ఎంసీబీ 16 ఆంప్స్‌ది. మరి స్టిక్కర్ 6.6 అంటుంది, కింద మళ్ళీ 10 అంటుంది. మూడిట్లో ఏది నిజం? గ్యాస్ పక్కన 0.92 అంటే ఏడాదికి సరిపడా నింపారనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బుల్లిరాజు_వైరింగ్
మీ లెక్క కరెక్టే సుధగారూ. 5000 వాట్లంటే 22 ఆంప్స్. 16 ఎంసీబీ ఎందుకూ పనికిరాదు, కంప్రెసర్ ఎత్తుకోగానే పడిపోతుంది. 32 ఆంప్స్ ఎంసీబీ వేయించేయండి. వైరు తర్వాత మెల్లగా చూసుకోవచ్చు. నేను ఇళ్ళ వైరింగ్ పదేళ్ళ నుంచి చేస్తున్నాను.

శీతలం
బుల్లిరాజుగారూ, ఆగండి. ఆ సలహా పాటిస్తే గోడలోని వైరు కాలే ప్రమాదం ఉంది.

సుధగారూ, 5000 అనేది ఏసీ తినే కరెంటు కాదు. గదిలోంచి బయటికి మోసుకెళ్ళే వేడి. రెండూ వాట్లలోనే రాస్తారు కాబట్టి ఈ తికమక ప్రతి కొత్త ఓనరుకూ వస్తుంది. ఎద్దుబండి అనుకోండి. బండి ఐదు బస్తాలు మోస్తుంది, దానికోసం ఎద్దు తినేది బస్తాన్నర గడ్డి. స్టిక్కర్ మీద మొదటి వరుస బస్తాల లెక్క, రెండో వరుస గడ్డి లెక్క. మీ మీటరు తిరిగేది గడ్డికే, అంటే 1450కి. ఏసీ వేడిని పుట్టించదు, ఉన్న వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోస్తుంది. అందుకే తిన్నదానికంటే మోసేది ఎక్కువ ఉంటుంది.

5000ని 1450తో భాగిస్తే 3.45. మీ మెషీన్ ఒక వాటు తిని దాదాపు మూడున్నర వాట్ల వేడి బయటికి పంపుతోందన్నమాట. 5000ని 230తో భాగించి వచ్చిన 22కి ఏ అర్థమూ లేదు, దాన్ని మర్చిపోండి.

ఇప్పుడు 6.6 సంగతి. 1450ని 230తో భాగిస్తే 6.3 వస్తుంది, 6.6 కాదు. ఆ చిన్న తేడా పవర్ ఫ్యాక్టర్ వల్ల, అంటే లాగిన కరెంటులో ఎంత భాగం నిజంగా పనికొస్తోందో చెప్పే అంకె వల్ల. మీ ప్లేటు ప్రకారం అది 0.95 దాకా ఉంది. ఇన్వర్టర్ మెషీన్‌కి మామూలే. లెక్క కుదిరింది, ప్లేటు మీద తప్పేం లేదు.

బుల్లిరాజు_వైరింగ్
సరే, 22 నాదే పొరపాటు, ఒప్పుకుంటాను. మరి 6.6 నిజమైతే కింద 10 ఎందుకు రాశారు? కంపెనీవాళ్ళకే వాళ్ళ మెషీన్ మీద నమ్మకం లేదా?

శీతలం
మంచి ప్రశ్న. నిజానికి ఈ ప్లేటులో మీకు పనికొచ్చే వరుస అదే.

రేటెడ్ కరెంట్ అంటే పరీక్ష గదిలో వచ్చిన అంకె. లోపల 27 డిగ్రీలు, బయట 35 డిగ్రీలు పెట్టి, వోల్టేజి స్థిరంగా ఉంచి కొలుస్తారు. ఏ కంపెనీ మెషీన్‌నైనా ఇంకోదాంతో పోల్చడానికి ఆ షరతు అందరికీ ఒకటే పెట్టారు. ప్లేటు మీద టీ1 అని ఎక్కడైనా ఉంటే అది ఈ వాతావరణం లెక్కే. టీ3 అని ఉంటే బయట 46 డిగ్రీల ఎండలో కూడా పరీక్షించారని. కానీ మీ అవుట్‌డోర్ యూనిట్ పరీక్ష గదిలో లేదు కదా. మిట్ట మధ్యాహ్నం, కాలుతున్న గోడ పక్కన, వెనక జాలీకి దుమ్ము పట్టి ఉంటుంది. అక్కడ వేడిని బయటికి తోయడం కష్టమై కంప్రెసర్ ఎక్కువ లాగుతుంది. పైగా ఇన్వర్టర్ కాబట్టి గది తొందరగా చల్లబడాలని మీరు 18 పెడితే అది మామూలు వేగాన్ని దాటి కూడా తిరుగుతుంది. ఆ గడ్డు పరిస్థితిలో ఎంతవరకు లాగగలదో చెప్పేదే 10 ఆంప్స్.

కాబట్టి రోజువారీ ఖర్చు అంచనాకి 6.6 వైపు చూడండి. వైరు, ప్లగ్గు, ఎంసీబీ ఎంచుకునేటప్పుడు 10 వైపు చూడండి. 10కి 16 ఆంప్స్ ఎంసీబీ సుఖంగా సరిపోతుంది. మీ మాన్యువల్‌లో ఎంసీబీ సైజు విడిగా రాసి ఉంటే మాత్రం దాన్నే పాటించండి.

32 ఎందుకు వద్దన్నానంటే, ఎంసీబీ ఏసీని కాపాడటానికి కాదు, గోడలోని వైరును కాపాడటానికి. వైరు 16 ఆంప్స్‌కి తగినదై ఎంసీబీ 32ది అయితే, 25 ఆంప్స్ పారుతున్నా అది పడదు. వైరు మాత్రం లోపల్లోపల కాలుతుంటుంది. వైరు తర్వాత చూసుకోవచ్చు అనేది ఈ పనిలో ఎప్పుడూ అనకూడని మాట.

బుల్లిరాజు_వైరింగ్
అర్థమైంది అన్నా. నేను చేసేది ఎక్కువగా లైట్లు, ఫ్యాన్ల పాయింట్లు. ఏసీ పాయింట్లు పెద్దగా చేయలేదు, ఒప్పుకోవాలి.

పాత_స్ప్లిట్_బాబాయ్
అమ్మాయ్, నీ ఏసీ ఏంటి ఇంత తింటోంది? మాది పద్నాలుగేళ్ళ నాటిది, నీదానంత సైజే. దాని ప్లేటు మీద 0.3 ఆంప్స్ అని మాత్రమే ఉంది. ఇప్పుడే కుర్చీ వేసుకుని ఎక్కి, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. పాతవే నయం, ఈ కొత్తవన్నీ కరెంటు మింగేవే.

లెక్కల_మాస్టారు
బాబాయ్ గారూ, కుర్చీ ఎక్కి చూశానన్నారంటే మీరు చూసింది గదిలోని యూనిట్ ప్లేటు. కొన్ని మెషీన్లలో ఇండోర్ ప్లేటు మీద అక్కడున్న ఫ్యాన్ మోటారు కరెంటు మాత్రమే వేస్తారు. 0.3 ఆంప్స్ అంటే ఫ్యాన్ లెక్క. కంప్రెసర్ బయట ఉంది, దాని సంగతి బయటి ప్లేటు చెబుతుంది.

పాత_స్ప్లిట్_బాబాయ్
బయటిది చూడలేక కదయ్యా లోపలిది చూసింది! బయటిది ఎండకి వెలిసిపోయి తెల్ల కాగితంలా ఉంది. ఒక్క అక్షరం మిగల్లేదు.

సుధ_కొత్తిల్లు
శీతలం గారూ, చాలా థ్యాంక్స్. ఎద్దుబండితో ఒక్కసారిగా అర్థమైంది.

కానీ ఇంకో అనుమానం మొదలైంది. మా మరిది ఎలక్ట్రీషియన్, సాయంత్రం క్లాంప్ మీటర్ తెచ్చాడు. ముందు నేను సరదాగా కేబుల్ చుట్టూ పెట్టి చూస్తే సున్నా చూపించింది. అతను నవ్వి, మెయిన్ ఆపి, బాక్సు విప్పి, లోపల ఒక్క ఫేజ్ వైరు చుట్టూ మాత్రమే పెట్టాడు. మళ్ళీ ఆన్ చేస్తే 3.1 ఆంప్స్ చూపించింది. 6.6 కాదు, 10 కాదు, 3.1! గ్యాస్ తక్కువ నింపి అంటగట్టారా? గది మాత్రం చల్లగానే ఉంది.

శీతలం
ముందు ఆ సున్నా సంగతి. కేబుల్‌లో ఫేజ్, న్యూట్రల్ రెండూ ఉంటాయి. ఒకదాంట్లో వెళ్ళిన కరెంటు రెండోదాంట్లో తిరిగొస్తుంది. రెంటినీ కలిపి చుడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మీటరు సున్నా అంటుంది. మీ మరిది చేసిందే సరైన పద్ధతి. పని తెలియనివాళ్ళు బాక్సు విప్పకండి.

ఇక 3.1. మీటరు పెట్టేసరికి ఏసీ ఎంతసేపటి నుంచి నడుస్తోంది? ఎన్ని డిగ్రీలు పెట్టారు?

సుధ_కొత్తిల్లు
రెండు గంటలైంది. 26 పెట్టాం. సాయంత్రం ఏడు దాటింది, బయట కూడా కాస్త చల్లబడింది.

శీతలం
అయితే 3.1 ఉండాల్సిందే. గది 26కి వచ్చేసింది కాబట్టి కంప్రెసర్ సగం వేగానికి దిగిపోయింది. ఇన్వర్టర్ కొనేదే అందుకు. పాత రకం ఏసీ అయితే కంప్రెసర్‌కి ఒకటే వేగం. నడిచినంతసేపూ రేటెడ్ కరెంటుకి దగ్గరగా లాగుతుంది, చల్లబడ్డాక పూర్తిగా ఆగిపోతుంది. అలాంటి మెషీన్ సగం ఆంప్స్ చూపిస్తే గ్యాస్ మీద అనుమానపడొచ్చు. ఇన్వర్టర్‌కి ఆ సూత్రం పనిచేయదు.

పరీక్షించాలంటే మధ్యాహ్నం వేడిలో, ఏసీ ఆపి ఉన్న గదిలో మొదలెట్టండి. 16 డిగ్రీలు, ఫ్యాన్ హై. తలుపు కొంచెం తీసి ఉంచితే గది తొందరగా చల్లబడి మెషీన్ తగ్గిపోకుండా ఉంటుంది. పావుగంట ఆగి చూడండి. ఆంప్స్ మెల్లగా ఎక్కి 6 దగ్గరికో ఆపైకో రావాలి. గది వేడిగానే ఉండి, పావుగంట దాటినా 3 దగ్గరే ఆగిపోతే అప్పుడు ఏదో ఉందని. అలాంటప్పుడు అవుట్‌డోర్ దగ్గర సన్న రాగి గొట్టం చూడండి. వాల్వు దగ్గర మంచు పేరుకుంటే గ్యాస్ కారిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

చిన్నా_07
మధ్యలో వస్తున్నా, క్షమించాలి. మా దగ్గర రాత్రిళ్ళు వోల్టేజి 180కి పడిపోతుంది. అప్పుడు ఏసీ తక్కువ కరెంటు లాగుతుందా? ఫ్యాను మెల్లగా తిరుగుతుంది కదా, అలాగే?

శీతలం
ఇన్వర్టర్ ఏసీకి ఇది తిరగబడుతుంది. లోపలి బోర్డు కంప్రెసర్‌కి కావలసిన పవర్ తగ్గకుండా చూసుకుంటుంది. వోల్టేజి పడితే దానికి బదులు ఆంప్స్ పెంచి లాగుతుంది. సుధగారి మెషీన్‌నే తీసుకోండి. 1450 వాట్లు 230 దగ్గర 6.6 ఆంప్స్, 180 దగ్గర అదే పనికి 8.4 ఆంప్స్. వైరు వేడెక్కేది వోల్టేజిని బట్టి కాదు, ఆంప్స్‌ని బట్టి. మీ ప్లేటు మీద, లేకపోతే మాన్యువల్‌లో, ఎంత వోల్టేజి నుంచి ఎంత వరకు పనిచేస్తుందో రాసి ఉంటుంది. 180 దానికంటే కిందికి పోతే స్టెబిలైజర్ కావాలి. అది కొనేటప్పుడు కూడా మాక్సిమం కరెంటు వరుసే చూడండి.

లెక్కల_మాస్టారు
సుధగారూ, మీరు అడగని లెక్క ఒకటి చెబుతాను, తిట్టుకోకండి. టన్ను అంటే 3517 వాట్లు. ఒక అమెరికన్ టన్ను మంచును 24 గంటల్లో కరిగించే వేడి అది, మంచు దిమ్మెల కాలం నాటి కొలత. ఒకటిన్నర టన్ను అంటే 5275 వాట్లు రావాలి. మీ ప్లేటు మీద 5000. అంటే 5000 ÷ 3517 = 1.42 టన్నులు. డబ్బా మీద ఒకటిన్నర రాసి లోపల 1.42 పెట్టారు. దీన్ని నేను మోసమే అంటాను.

బుల్లిరాజు_వైరింగ్
అందుకే నేనెప్పుడూ డబ్బా చూసి కొనొద్దంటాను.

శీతలం
మాస్టారూ, మీ లెక్కలో తప్పు లేదు, కానీ మోసం అనడానికి మనసొప్పదు. డబ్బా మీద టన్ను అంటే సైజు పేరు. చొక్కాకి ఎల్ అని రాసినట్టు. రెండు కంపెనీల ఎల్ చొక్కాలు అంగుళం కొలతలో ఒకేలా ఉండవు. ఒకటిన్నర పేరుతో 4800 వాట్ల మెషీన్ చూశాను, 5300 దాటినదీ చూశాను. నిజం ప్లేటు మీద వాట్లలో ఉంటుంది. రెండు మెషీన్లు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఆ వరుసే చూడాలి.

లెక్కల_మాస్టారు
చొక్కా వేసుకుని చూసి కొంటాం. ఏసీని గదిలో పెట్టి చూసి కొంటామా? కిలో అని రాసి 950 గ్రాములు తూస్తే దాన్ని సైజు పేరు అంటామా? నేను ఒప్పుకోను.

శీతలం
మీ ఇష్టం మాస్టారూ. అన్నట్టు అదే వరుస పక్కన బ్రాకెట్లో 1200 నుంచి 5600 అన్నట్టుగా ఒక పరిధి కూడా వేస్తారు చాలామంది. సుధగారిదాంట్లో ఉందా?

సుధ_కొత్తిల్లు
ఉంది! చిన్న అక్షరాల్లో 1300–5700 అని. అది మోడల్ నంబరేమో అనుకున్నాను.

శీతలం
కాదు, అది కంప్రెసర్ మెల్లగా తిరిగినప్పటి నుంచి గట్టిగా తిరిగేదాకా ఇచ్చే చల్లదనం. అవసరం పడితే కాసేపు 5700 దాకా ఇస్తుంది. మాస్టారి 5275 కూడా అందులోనే ఉంది. రేటెడ్ అంటే మాత్రం 5000నే.

లెక్కల_మాస్టారు
కాసేపు ఇచ్చేది కొలత ఎలా అవుతుంది? సరే, ఇక్కడితో ఆపుతున్నాను.

వేణు_మేడమీద
గ్యాస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నా గోడు చెబుతాను. మాదీ ఆర్32 ఏసీయే. ప్లేటు మీద 0.85 కిలోలు. పోయిన వేసవిలో చల్లదనం తగ్గిందని ఒక మెకానిక్‌ని పిలిస్తే, సిలిండర్ తగిలించి "రెండూ ఒకటే సార్, ఇందులో సగం అదే ఉంటుంది" అంటూ ఆర్410ఏ పట్టించాడు. వారం రోజులు బాగా పనిచేసింది. తర్వాత మధ్యాహ్నాలు ఎర్రర్ చూపించి ఆగిపోవడం మొదలైంది. అతను చెప్పింది నిజమేనా? నిజంగానే సగం అదేనా?

బుల్లిరాజు_వైరింగ్
ఇది నేనూ విన్నాను. ఆర్410ఏలో సగం ఆర్32యే. కాబట్టి కలిపినా నష్టం ఉండకూడదు.

శీతలం
సగం అనేది నిజం, నష్టం లేదనేది నిజం కాదు. ఆర్410ఏ అంటే బరువులో సగం ఆర్32, మిగతా సగం ఆర్125. రెంటి ఒత్తిళ్ళూ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి పట్టించిన వెంటనే మెషీన్ మూలగదు. వేణుగారికి వారం బాగా నడవడం అందుకే. కానీ లోపలున్నది ఇప్పుడు ఆర్32 కాదు, ఆర్410ఏ కూడా కాదు. పేరు లేని మిశ్రమం. దానికి ఏ మెకానిక్ దగ్గరా ఒత్తిడి పట్టిక ఉండదు, గేజ్ చూసి ఎంత ఉందో చెప్పలేడు. కంప్రెసర్‌నీ బోర్డులోని ప్రోగ్రామునూ ఆర్32కే కుదిర్చారు.

పైగా లీకు ఎక్కడుందో అతను వెతకలేదు కదా? గ్యాస్ అనేది పెట్రోలులా ఖర్చయిపోదు. సుధగారూ, మీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా ఇదే. 0.92 అనేది ఏడాదికి సరిపడా కాదు, మెషీన్ ఉన్నంత కాలానికీ అంతే. తగ్గిందంటే కారిందనే. ఎక్కడ కారిందో పట్టుకోకుండా మళ్ళీ నింపడం, చిల్లి కుండలో నీళ్ళు పోసినట్టే.

వేణుగారూ, ఇప్పుడు చేయాల్సింది ఒకటే. ఉన్న గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి తీయించండి. లీకు పట్టించండి. వాక్యూమ్ పంపుతో లైను ఖాళీ చేయించాక, కొత్త ఆర్32ని తూకం మీద పెట్టి 0.85 కిలోలు ఎక్కించమనండి. ప్లేటు మీద కిలోలు రాసింది తూయడానికే. ఇన్వర్టర్‌లో ఒత్తిడి వేగాన్ని బట్టి మారుతుంటుంది కాబట్టి గేజ్ ఒక్కటే చూసి నింపితే ఎక్కువో తక్కువో అవుతుంది. వచ్చినవాళ్ళ దగ్గర తూకం మిషను లేకపోతే పని మొదలుపెట్టనివ్వకండి.

వేణు_మేడమీద
మా ఎర్రర్ దీనివల్లే అంటారా మరి?

శీతలం
ఇక్కడ కూర్చుని చెప్పలేను. అవుట్‌డోర్ జాలీకి దుమ్ము పట్టినా మధ్యాహ్నాలు అలాగే ఆగుతుంది. గ్యాస్ ఎక్కువైనా ఆగుతుంది. ముందు జాలీ కడిగించి చూడండి, ఎలాగూ మంచిదే. మిశ్రమాన్ని మాత్రం ఎర్రర్ ఉన్నా లేకపోయినా మార్పించాల్సిందే.

చిన్నా_07
ఆర్32 మండే గ్యాస్ అంటారు. బెడ్‌రూమ్‌లో పెట్టుకోవచ్చా?

శీతలం
వంటగ్యాస్‌లా భగ్గుమనదు. అంత తేలిగ్గా అంటుకోదు, అంటుకున్నా మెల్లగా మండుతుంది. దాని వర్గం పేరు ఏ2ఎల్. ప్లేటు దగ్గర మంట బొమ్మ కనిపిస్తే భయపడక్కర్లేదు, అది పనివాడికి హెచ్చరిక. లోపల గ్యాస్ ఉండగా గొట్టానికి మంటతో అతుకు వేయకూడదు. పని చేసేచోట గాలి ఆడాలి. ఆ రెండూ వచ్చినవాడు పాటిస్తున్నాడో లేదో మీరు చూసుకుంటే చాలు.

సుధ_కొత్తిల్లు
శీతలం గారూ, ఇంకొకటి కనిపించింది. గ్యాస్ వరుస కింద 0.62 టి సీఓ2 అని ఉంది. మాస్టారు టన్నుల లెక్క చెప్పాక గుండె ఆగినంత పనైంది, ఏసీ 0.62 టన్నేనేమో అని! దాని కింద రెండు ఖాళీ గీతలు కూడా ఉన్నాయి, పెన్నుతో నింపడానికన్నట్టు. ఒకటి అని, రెండు అని, వాటి మొత్తం అని ఉంది. మా స్టిక్కర్‌లో ఏమీ నింపలేదు.

లెక్కల_మాస్టారు
ఇది నాకు వదిలేయండి. ఆర్32కి భూమిని వేడెక్కించే గుణం కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే 675 రెట్లు. 0.92 × 675 = 621 కిలోలు, అంటే 0.62 టన్ను. మీ గ్యాస్ మొత్తం గాల్లో కలిస్తే అంత కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. చల్లదనానికీ దీనికీ సంబంధం లేదు. అదే ఆర్410ఏ అయితే 2088 రెట్లు. వేణుగారి మెకానిక్ సగం అన్నదాంట్లో మిగతా సగం ఎలాంటిదో ఇప్పుడు తెలిసిందిగా.

శీతలం
మాస్టారు సరిగ్గా చెప్పారు. ఖాళీ గీతల సంగతి నేను చెబుతాను. ఫ్యాక్టరీలో నింపింది మొదటి గీత, బిగించేటప్పుడు అదనంగా కలిపింది రెండో గీత, కూడితే మొత్తం. ఫ్యాక్టరీ గ్యాస్ ఒక పొడవు గొట్టం వరకే సరిపోతుంది, మామూలుగా 5 మీటర్లు. దాటితే మీటరుకి ఇన్ని గ్రాములని కలపాలి. మీ గొట్టం ఎంత పొడవు?

సుధ_కొత్తిల్లు
టేపు పెట్టి కొలిచాను, 7 మీటర్లు. అయ్యో, అంటే 2 మీటర్ల గ్యాస్ తక్కువా?

శీతలం
తొందరపడకండి. 5 అన్నది నేను ఎక్కువగా చూసిన అంకె. మీ మాన్యువల్‌లో ఇన్‌స్టలేషన్ పేజీ తీసి, చార్జ్‌లెస్ లెంగ్త్ అన్నట్టు ఒక పట్టిక ఉంటుంది, చూడండి.

సుధ_కొత్తిల్లు
చూశాను. 7.5 మీటర్ల వరకు ఏమీ కలపక్కర్లేదు, ఆపైన మీటరుకి 20 గ్రాములు అని ఉంది.

శీతలం
అయితే రెండో గీత ఖాళీగా ఉండటమే కరెక్ట్. నా 5 మీ మోడల్‌కి వర్తించదు. ఒక పని మాత్రం చేయండి. రెండో గీతలో సున్నా, మొత్తంలో 0.92 అని చెరగని పెన్నుతో రాసిపెట్టండి. ఐదేళ్ళ తర్వాత వచ్చే మెకానిక్‌కి ఖాళీ గీత చూస్తే ఏం అర్థమవుతుంది? కలిపారో లేదో తెలియక అటూ ఇటూ ఊహిస్తాడు.

సుధ_కొత్తిల్లు
రాసేశాను. ఇంకో సంగతి. ఈరోజు మధ్యాహ్నం మీరు చెప్పిన పరీక్ష చేశాం. 16 పెట్టి తలుపు తీసి ఉంచితే పావుగంటకి 7.4 ఆంప్స్ చూపించింది. ఎండ బాగా ఉంది. సన్న గొట్టం మీద మంచు లేదు.

కానీ అప్పుడే ఎంసీబీ పడిపోయింది! బుల్లిరాజుగారి మాట గుర్తొచ్చి భయపడ్డాను. మా మరిది చూస్తే తేలిందేంటంటే, అదే ఎంసీబీ మీద వాషింగ్ మెషీన్ పాయింటు కూడా ఉంది. అప్పుడే అత్తయ్యగారు వేడినీళ్ళ వాష్ పెట్టారు. దాని ప్లేటు మీద 2100 వాట్లు అని ఉంది, అంటే 9 ఆంప్స్ పైనే. అక్కడ మాత్రం వాట్లు నిజంగానే తినే వాట్లు కదా?

శీతలం
అవును, అక్కడ వాట్లంటే తినేవే. 7.4కి 9 కలిస్తే 16 దాటింది. కాస్త దాటితే మామూలుగా వెంటనే పడదు, కానీ ఎండకి బోర్డు కాగి ఉంటే ఎంసీబీ ముందే పడుతుంది. ఎంసీబీ తన పని తాను చేసింది. ఏసీకి ఆ లైను ఒక్కదానికే ఉండేట్టు చేయించి, వాషింగ్ మెషీన్‌కి వేరే లైను లాగించండి. అప్పటిదాకా రెండూ ఒకేసారి వేయకండి.

బుల్లిరాజు_వైరింగ్
నా మాట విని 32 వేయించి ఉంటే అది పడేది కాదు, భారమంతా వైరు మీదే పడేది. నేర్చుకున్నాను. సుధగారూ, ఆ కొత్త లైను పని మీ మరిదిగారితోనే చేయించండి.

పాత_స్ప్లిట్_బాబాయ్
అందరి ప్రశ్నలూ తేలాయి, నాదే మిగిలింది. మా బయటి ప్లేటు తెల్లగా వెలిసిపోయిందన్నానుగా. అందులో ఏ గ్యాస్ ఉందో ఎలా తెలిసేది? లోపలి ప్లేటు మీద ఫ్యాన్ లెక్క తప్ప గ్యాస్ పేరు లేదు. మెకానిక్ వస్తే "మీదే గ్యాస్ బాబాయ్?" అని నన్నే అడుగుతాడు.

శీతలం
బాబాయ్ గారూ, మెయిన్ ఆపేయించాక, పనితెలిసిన మనిషితో అవుట్‌డోర్ పై మూత తీయించండి. కంప్రెసర్ డబ్బాకి దాని సొంత ప్లేటు ఒకటి ఉంటుంది. మూత కింద ఎండ తగలదు కాబట్టి అది వెలవదు. దాని మీద గ్యాస్ పేరు ఉంటుంది చాలావరకు. పద్నాలుగేళ్ళ నాటిది కాబట్టి ఆర్22 కావొచ్చు, ఆర్410ఏ కావొచ్చు. ఊహించి నింపించకండి. ఆర్410ఏ ఒత్తిడి ఆర్22 కంటే ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది, ఆ గొట్టాలు దానికి చేసినవి కావు.

పాత_స్ప్లిట్_బాబాయ్
మా అల్లుడు మెకానిక్‌ని పిలిపించి మూత తీయించాడు. ఆర్22 అని శుభ్రంగా కనిపించింది, ఫోటో పంపాడు. కిలోలు మాత్రం లేవక్కడ.

శీతలం
కిలోలు కంప్రెసర్ మీద ఉండవు, అది మొత్తం మెషీన్ లెక్క. మోడల్ నంబరు కొన్న బిల్లు మీద ఉంటే దాంతో సర్వీస్ వాళ్ళని అడగండి.

పాత_స్ప్లిట్_బాబాయ్
బిల్లు వెతుకుతున్నాను. మీ పిన్ని ఏ పెట్టెలో పెట్టిందో మరి.